గంగమ్మ వేషాల్లో ఏవి ఉంచాలి?

అమ్మాయీ,

తిరుపతి గంగమ్మ కథతో మీరు తీస్తున్న బొమ్మల సినిమాకు నువ్వు పంపిన యానిమాటిక్, అదే కదిలే చిత్తుబొమ్మల నమూనా, రెండుసార్లు చూశాను. తొమ్మిది నిమిషాలుంది. సెకనుకు 12 బొమ్మలే గీసినా 6,480 అవుతాయి. ఉన్నది మీరిద్దరు. ఆరు నిమిషాలకు దించితే 4,320తో బయటపడతారు.

ముందు గంగమ్మ పుట్టుక, పెంపకం తీసెయ్. అవిలాల ఊరి పేరు పోతుందని నాకూ బాధే. ఊళ్లో ఎవరైనా అడిగితే మామయ్య తీసేయమన్నాడని చెప్పు. పాలెగాడు కొత్త పెళ్లికూతుళ్లను చెరబట్టేవాడని తెలియడానికి ఒక్క షాట్ చాలు: వీధిలో పల్లకి, మేడ కిటికీలో రెండు కళ్లు. ఆ వెంటనే వాడు గంగమ్మను చూసి పారిపోయి దాక్కోవాలి. మన కథ అక్కడే మొదలవుతుంది.

ఇక, దాక్కున్న వాణ్ణి వెతుకుతూ గంగమ్మ వేసే వేషాలు. బైరాగి, బండ, తోటి అనే మూడు వేషాలకూ వేరువేరు మొహాలు, వేరువేరు నడకలు గీశావు. శ్రమంతా అక్కడే పోయింది. జాతరలో చూశావుగా, బైరాగికి ఒళ్లంతా తెల్లసుద్ద, బండకు కుంకుమ ఎరుపు, తోటికి బొగ్గు నలుపు. మనిషి ఒక్కతే, నడకా ఒకటే, రంగు మాత్రం మారాలి. పాలెగాడు గుర్తుపట్టకపోయినా చూసేవాళ్లు గుర్తుపట్టాలి. మొదటి వేషానికి 40 సెకన్లు, రెండోదానికి 20, మూడోదానికి 10 ఇవ్వు. నా మొదటి సినిమాలో మూడు ఘట్టాలూ ఒకే పొడవు పెట్టాను. రెండోది అయ్యేసరికి పిల్లలు ఫ్యాను వైపు చూస్తున్నారు!

తోటి అన్నది కులం పేరు కూడా. ఆ వేషం దగ్గర ఒక్క నవ్వు కూడా పెట్టకు. వేషగాళ్ల బూతులు మాత్రం పూర్తిగా తుడిచేయకు, జాతరలో అవీ భాగమే. పెదాలు కదలనీ, మాట వినబడకుండా డప్పు మోగనీ.

దొర వేషం దగ్గర తొందరపడకు. ఎవరో గొప్పవాడు వచ్చాడనుకుని పాలెగాడు తనంతట తాను బయటికి రావాలి. అంతదాకా పరిగెత్తిన కెమెరా అక్కడ కదలకూడదు. తల నరకడం చూపించొద్దు. కత్తి పైకి లేచాక డప్పు ఆగిపోతే చాలు.

అక్కడితో సినిమా ముగించావు చూడు, అది నాకు నచ్చలేదు. వాణ్ణి చంపాక గంగమ్మ మాతంగి వేషంలో వాడి భార్యను ఓదార్చడానికి వెళ్తుంది. నువ్వు కోసేసిన ఆ ఘట్టాన్ని మళ్లీ పెట్టు. 50 సెకన్లు ఇవ్వు, మాటలు రాయకు. గుమ్మం ఇవతల ఒక ఆడది, అవతల ఒక ఆడది. సున్నపుకుండల వేషం జాతరకు ముఖ్యమే గానీ ఈ సినిమాకు అక్కర్లేదు.

ఇలా మార్చాక, ఈ కథ తెలియని పిల్ల ఎవరికైనా శబ్దం తీసేసి చూపించు. మూడో వేషం రాగానే "మళ్లీ ఆమే" అంటే రంగులు పనిచేసినట్టే. "ఈమె ఎవరు?" అని అడిగితే నడక సరిచేసేదాకా అసలు బొమ్మలు మొదలుపెట్టకు.

మీ మామయ్య,
తిరుపతి