తొమ్మిది నెలల వడ్డీ లెక్కలో రేటు, కాలం ఒకే కొలతలో ఉన్నాయా?

ప్రశ్న: కామర్స్ చదువుతున్న మా అమ్మాయి వర్క్‌షీట్ ఫొటో జత చేశాను. మూడో లెక్కలో 40,000 రూపాయల అసలుపై సంవత్సరానికి 12 శాతం రేటుతో, మూడు నెలలకోసారి వడ్డీ కలుపుతూ, 9 నెలలకు చక్రవడ్డీ కనుక్కోవాలి. తనకు 4,994.56 వచ్చింది, నాకు 3,600 వచ్చింది, వెనుక ఇచ్చిన జవాబు 3,709.08. రెండో లెక్కలో తనకు 7,776 వస్తే అక్కడ 7,560 అని ఉంది. సూత్రాలు ఇద్దరికీ వచ్చు. మరి ఎక్కడ తప్పుతున్నామండీ?

జవాబు: ముందుగా మీ అమ్మాయి వేసిన మూడో లెక్క చూద్దాం. ఫొటోలో ఆ లెక్క పక్కన పెన్సిలుతో 12 ÷ 3 = 4 అని రాసి ఉంది, దాని కింద 9 ÷ 3 = 3 అని ఉంది. ఈ రెండింటిలో రెండోది సరైనది, మొదటిది తప్పు. తొమ్మిది నెలల్లో మూడేసి నెలల దఫాలు ఎన్ని ఉన్నాయో తెలుసుకోవడానికి నెలలను మూడుతో భాగించాలి కాబట్టి మూడు దఫాలు రావడం నిజమే. కానీ రేటును భాగించవలసింది దఫాలో ఎన్ని నెలలున్నాయో ఆ సంఖ్యతో కాదు, సంవత్సరంలో ఎన్ని దఫాలున్నాయో ఆ సంఖ్యతో. సంవత్సరానికి నాలుగు త్రైమాసికాలు ఉంటాయి కనుక ఒక్కో త్రైమాసికానికి 12 ÷ 4, అంటే 3 శాతం వడ్డీ పడుతుంది.

ఈ లెక్కలో పొరపాటుకు ఇంకొక కారణం కూడా కనిపిస్తోంది. రేటు 12, సంవత్సరంలో నెలలూ 12 కావడంతో, 12ను 3తో భాగించినప్పుడు వచ్చిన 4 నిజానికి త్రైమాసికాల సంఖ్య అయినా, అదే రేటు అన్నట్టుగా కాగితం మీద కుదురుకుంది. రేటు 10 శాతమో 14 శాతమో అయి ఉంటే 3.33 లాంటి అంకె వచ్చి, ఇదేమిటని మీ అమ్మాయి ఆగి చూసేది. లెక్కల పుస్తకాలు సులువుగా ఉంటుందని 12 శాతాన్ని ఎక్కువగా వాడతాయి గానీ, కొలతలు కలిసిపోవడానికి ఇంతకంటే అనువైన అంకె లేదు.

ఇప్పుడు దఫాల వారీగా వేసి చూడండి. మొదటి మూడు నెలల చివర 40,000 మీద 3 శాతం, అంటే 1,200 రూపాయలు కలిసి అసలు 41,200 అవుతుంది. రెండో దఫా చివర దానిపై 1,236 కలిసి 42,436 అవుతుంది. మూడో దఫాలో దానిపై 1,273.08 కలిసి మొత్తం 43,709.08 అవుతుంది, అందులోంచి మొదటి అసలు తీసేస్తే 3,709.08 మిగులుతుంది. సూత్రంలో రాస్తే ఇంతే:

```
A = P × (1 + r)^n
A = 40000 × (1 + 0.03)^3 = 43709.08
```

ఇందులో r అన్నది ఒక దఫా రేటు, n అన్నది దఫాల సంఖ్య. ఈ రెండూ ఒకే దఫాకు చెందినవై ఉండాలి. r త్రైమాసికానిదైతే n త్రైమాసికాల్లో ఉండాలి, r సంవత్సరానిదైతే n సంవత్సరాల్లో ఉండాలి. ఒకదాన్ని మార్చి రెండోదాన్ని మరిచిపోతే ఏమవుతుందో చూడండి. రేటును 12 శాతంగానే వదిలేసి n మాత్రం 3 అని వేస్తే వడ్డీ 16,197.12 వస్తుంది, అది తొమ్మిది నెలలకు కాదు, మూడు సంవత్సరాలకు వచ్చే వడ్డీ. రేటును 3 శాతం చేసి కాలాన్ని 0.75 అని వేస్తే సుమారు 897 రూపాయలే వస్తుంది, అది ఒక త్రైమాసికంలో ముప్పావు భాగానికి సరిపడే వడ్డీ. సూత్రం రెండు సందర్భాల్లోనూ సరిగ్గానే ఉంది, అంకెలూ ఫొటోలోవే.

మీకు వచ్చిన 3,600లో కొలతల పొరపాటు లేదు. 40,000 మీద సంవత్సరానికి 4,800 రూపాయల వడ్డీ, తొమ్మిది నెలలంటే అందులో నాలుగింట మూడు వంతులు, కాబట్టి అది బారువడ్డీగా పూర్తిగా సరైన జవాబు. కాకపోతే లెక్క అడిగింది చక్రవడ్డీ. అయినా మీ అంకెను కొట్టేయకండి, ఎందుకంటే చక్రవడ్డీ జవాబును సరిచూసుకోవడానికి అదే గీటురాయి. ఒకటి కంటే ఎక్కువ దఫాలు గడిచినప్పుడు, అదే రేటుకు అదే కాలానికి చక్రవడ్డీ బారువడ్డీ కంటే ఎక్కువే ఉండాలి, కానీ కాలం తక్కువగా, రేటు మితంగా ఉన్నప్పుడు ఆ తేడా చిన్నదిగానే ఉండాలి. ఇక్కడ తేడా 109.08. అదెక్కడిదో కూడా చెప్పవచ్చు: రెండో దఫాలో 1,200 వడ్డీ మీద పడిన 36 రూపాయలు, మూడో దఫాలో అంతకు ముందు కలిసిన 2,436 మీద పడిన 73.08. ఈ కొలబద్దతో చూస్తే 897 బారువడ్డీ కంటే తక్కువ కాబట్టి తప్పు అని తెలుస్తుంది, 16,197 నాలుగు రెట్లు దాటింది కాబట్టి తప్పు అని తెలుస్తుంది. మీ అమ్మాయి జవాబు 4,994.56 కూడా బారువడ్డీ కంటే దాదాపు 1,400 ఎక్కువ. తొమ్మిది నెలల్లో వడ్డీ మీద వడ్డీ అంత రావడం అసాధ్యం. చక్రవడ్డీ లెక్క మొదలుపెట్టే ముందే మూలన పెన్సిలుతో బారువడ్డీ వేసుకోమని మీ అమ్మాయికి చెప్పండి, దానికి అర నిమిషం కూడా పట్టదు.

రెండో లెక్క సంగతి వేరు. అందులో 18,000 రూపాయల మీద నెలకు 1.5 శాతం బారువడ్డీతో 2 సంవత్సరాల 4 నెలలు అని ఉంది. మీ అమ్మాయి నెల రేటును 12తో గుణించి సంవత్సరానికి 18 శాతం అని సరిగ్గానే మార్చింది, కానీ కాలాన్ని 2.4 సంవత్సరాలు అని రాసింది. పదుల లెక్కలో 0.4 అంటే పదింట నాలుగు వంతులు, నెలలు పన్నెండు కాబట్టి నాలుగు నెలలంటే పన్నెండింట నాలుగు, అంటే మూడో వంతు. అసలు ఈ లెక్కలో సంవత్సరాల్లోకి వెళ్ళవలసిన అవసరమే లేదు. రేటు నెలకు చెప్పారు కాబట్టి కాలాన్నీ నెలల్లోకి తెచ్చుకుంటే 28 నెలలు, నెలకు వడ్డీ 270 రూపాయలు, మొత్తం 7,560. భిన్నాలు వచ్చే వైపు కాకుండా పూర్ణాంకాలు వచ్చే వైపు మార్చుకోవడం ఎప్పుడూ మేలు. ఇక్కడ తేడా 216 రూపాయలే కావడంతో, ఇందాక చెప్పిన ఉజ్జాయింపు పరీక్షకు ఈ తప్పు దొరకదు, కాబట్టి మార్పిడిని కళ్ళతో చూసి సరిచూసుకోవలసిందే.

నెల రేటును 12తో గుణించి సంవత్సర రేటు చేయడం బారువడ్డీ లెక్కల్లో మాత్రమే చెల్లుతుంది. అదే 1.5 శాతం ప్రతి నెలా అసలులో కలుస్తూ పోతే సంవత్సరం చివర అసలు మీద పెరిగేది 18 శాతం కాదు, సుమారు 19.56 శాతం. అప్పు ఇచ్చేవారు నెల రేటు చెప్పినప్పుడు, ఆ వడ్డీ ఎప్పుడెప్పుడు అసలులో కలుస్తుందో నా దగ్గరికి వచ్చేవారిని నేను తప్పకుండా అడగమంటాను. మీ అమ్మాయికి ఈ వర్క్‌షీట్‌లో దాని అవసరం పడదు.

నాలుగో లెక్క గురించి మీరు అడగలేదు గానీ, అందులో మీ అమ్మాయి జవాబు పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుంది. 50,000 రూపాయలు, సంవత్సరానికి 10 శాతం, సంవత్సరానికోసారి వడ్డీ కలుస్తుంది, కాలం రెండున్నర సంవత్సరాలు. వడ్డీ కలిసేది సంవత్సరం నిండినప్పుడే కాబట్టి పూర్తయిన దఫాలు రెండే. మొదటి రెండు సంవత్సరాలకు చక్రవడ్డీ కడితే 60,500 అవుతుంది. మిగిలిన ఆరు నెలలకు ఆ 60,500 మీద బారువడ్డీ 3,025 కలిపితే 63,525. పాఠ్యపుస్తకాలు సాధారణంగా పాటించే పద్ధతి ఇదే. n స్థానంలో 2.5 అని కాలిక్యులేటర్‌లో నొక్కితే సుమారు 63,453 వస్తుంది, ప్రశ్నార్థకం ఉన్నది ఈ అంకె పక్కనే. ఆరు నెలలకోసారి వడ్డీ కలుస్తుందని పొరబడి 5 శాతం, 5 దఫాలు అని వేస్తే 63,814.08 వస్తుంది. మూడు అంకెలూ దగ్గరగానే ఉన్నాయి కాబట్టి, ఇక్కడ జవాబు చూసి తప్పు పట్టడం కష్టం. వడ్డీ ఎప్పుడు కలుస్తుందో చెప్పే మాట కింద గీత గీసుకున్నాకే లెక్క మొదలుపెట్టాలి.

ఆ మాట ఫొటోలో కనపడాలి కదా. మీరు పంపిన ఫొటోలో కాగితం పై అంచు తెగిపోయింది, సంవత్సరానికి ఎన్ని రోజులు తీసుకోవాలో అక్కడే రాసి ఉంటుంది. మొదటి లెక్కలో 25,000 మీద 8 శాతం, మార్చి 10 నుంచి మే 22 వరకు అని ఉంది. మార్చిలో 21, ఏప్రిల్‌లో 30, మేలో 22 కలిపి 73 రోజులు, మొదటి రోజును లెక్కలోకి తీసుకోకూడదు. 365తో భాగిస్తే కాలం సరిగ్గా అయిదో వంతు, వడ్డీ 400. వెనుక ఇచ్చిన జవాబు కూడా 400 కాబట్టి 365 రోజులే తీసుకున్నారని తేలిపోయింది. 360 తీసుకుని ఉంటే 405.56 అయ్యేది. రెండు చివరి తేదీలనూ కలిపి 74 రోజులు వేసినా 405.48 వస్తుంది కాబట్టి, 405 చిల్లర కనిపిస్తే ముందు రోజులు మళ్ళీ లెక్కపెట్టి, ఆ తర్వాతే 360 సంగతి అనుమానించాలి.

అయిదో లెక్కలో రేటు పక్కనున్న అక్షరాలు మసకబారి పి.ఎ. అని ఉందో పి.ఎం. అని ఉందో తెలియడం లేదు, రేటు కూడా 75 శాతంలా కనిపిస్తోంది. ముద్రలో చుక్క చెరిగిన 7.5 అయి ఉంటుందని నా అంచనా. 7.5 శాతం నెలకైతే సంవత్సరానికి బారువడ్డీయే అసలులో తొంభై శాతమవుతుంది కాబట్టి, అది పి.ఎ., అంటే సంవత్సర రేటే అయి ఉండాలి. అయినా అంచనా మీద లెక్క చేయనివ్వకండి. అసలు కాగితం చూసి ఆ రెండూ నిర్ధారించుకున్నాక, లేదా పై అంచుతో సహా మరో ఫొటో తీసి పంపాక, ఆ లెక్క చూద్దాం.