శాతాలు కూడితే పెరిగాయి, చేతికి చూస్తే తగ్గాయి

ప్రశ్న: ఏడాదికేడాది వచ్చిన రిటర్న్ శాతాలను కూడకూడదు, లాగ్ రిటర్న్‌లనైతే కూడొచ్చు అంటారు. ఎందుకు? ఒకదాన్ని ఇంకోదానిలోకి ఎలా మార్చుకోవాలి?

నేను హన్మకొండలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్తాను. సంవర్గమానాలు ఎన్నేళ్లు చెప్పినా, అవి డబ్బుకు ఎందుకు పనికొస్తాయో నాకు పూర్తిగా తెలిసొచ్చింది 2010 సంక్రాంతికి, మా ఇంటి ముందరి గదిలో.

మా బాపు సింగరేణిలో పనిచేసి 2007లో దిగిపోయాడు. వచ్చిన డబ్బులో రెండు లక్షలు ఆ ఏడాది డిసెంబర్ ఆఖరున ఒక ఫండ్‌లో పెట్టాడు. సెన్సెక్స్‌లో ఉన్న కంపెనీలనే అవే పాళ్లలో కొనే ఫండ్ అది. ఆ తర్వాత 2008లో ఏమైందో అందరికీ తెలుసు. 2007 చివరి రోజున 20,286.99 దగ్గర ఉన్న సెన్సెక్స్ 2008 చివరికి 9,647.31కి పడింది. 2009 చివరికి మళ్ళీ 17,464.81కి లేచింది.

పండక్కి ముందు ఫండ్ అమ్మిన ఏజెంటు రంగుల కాగితం ఒకటి పట్టుకొని వచ్చాడు. అందులో 2008కి మైనస్ 52.4 శాతం, 2009కి ప్లస్ 81.0 శాతం అని ఉంది. కింద పెద్ద అక్షరాలతో సగటు 14.3 శాతం. "సార్, ఇంత పడ్డ రోజుల్లో కూడా ఏడాదికి 14 శాతం ఇచ్చింది, ఇంకో రెండు లక్షలు పెట్టండి" అన్నాడు. బాపు కళ్ళద్దాలు పెట్టుకొని ఆ కాగితం చదివాడు, లోపలికి పోయి తన స్టేట్‌మెంట్ తెచ్చి పక్కన పెట్టాడు. అందులో విలువ లక్షా డెబ్బై రెండు వేల చిల్లర.

"ఏడాదికి పద్నాలుగు పెరిగితే నా రెండు లక్షలు రెండున్నర దాటాలె గదా బిడ్డా. ఇరవై ఎనిమిది వేలు ఎట్ల తగ్గినయి?" అని నన్ను అడిగాడు. ఏజెంటు మార్కెట్ గురించి చాలా చెప్పాడు, ఆ ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పలేదు. అతను అబద్ధం రాయలేదు. రెండు శాతాలూ నిజమే, వాటి సగటు కూడా కూడికలో తప్పు లేని సగటే. కూడడమే తప్పు.

నేను పెన్ను తీసేలోపే బాపు విషయం పట్టేశాడు. "సగం పోయినంక, మిగిలిన సగం మీదనే గదా పెరిగేది" అన్నాడు. మీ ప్రశ్నకు అసలు జవాబు ఆ మాటలోనే ఉంది. మొదటి ఏడాది 52.4 శాతం రెండు లక్షల మీద పోయింది. రెండో ఏడాది 81 శాతం మిగిలిన 95 వేల మీద వచ్చింది. రెండు శాతాల అడుగు వేరు, అంటే ఏ మొత్తం మీద లెక్కగట్టారో ఆ మొత్తం వేరు. అడుగు వేరైన శాతాలను కూడడం అంటే గజాలనూ మీటర్లనూ కలిపి కూడినట్టే.

డబ్బు నిజంగా నడిచే తీరు గుణకారం. ప్రతి ఏడాదీ ఉన్న డబ్బు ఒక గుణకంతో పెరుగుతుంది లేదా తగ్గుతుంది. 2008 గుణకం 9,647.31 భాగించు 20,286.99, అంటే 0.4755. 2009 గుణకం 1.8103. రెండూ గుణిస్తే 0.861. రెండు లక్షలను దానితో గుణించండి, బాపు స్టేట్‌మెంట్‌లో ఉన్న అంకె వస్తుంది.

ఇక్కడికి లాగ్ ఎందుకు వచ్చిందంటే, గుణకారాన్ని కూడికగా మార్చడానికే అది పుట్టింది. స్కాట్లండ్ గణితజ్ఞుడు నేపియర్ 1614లో ఆ పట్టికలు అచ్చువేసింది అందుకే. రెండు సంఖ్యల లబ్ధానికి లాగ్ తీస్తే, ఆ రెండింటి లాగ్‌ల మొత్తం వస్తుంది. డబ్బు గుణకాలతో నడుస్తుంది కాబట్టి గుణకాల లాగ్‌లు కూడుకుంటాయి. ఒక ఏడాది గుణకానికి తీసిన లాగ్‌నే ఆ ఏడాది లాగ్ రిటర్న్ అంటారు. ఇంతకు మించి రహస్యం లేదు. 0.4755కి సహజ లాగ్ మైనస్ 0.7433. 1.8103కి 0.5935. కూడితే మైనస్ 0.1498. దీన్ని వెనక్కి తిప్పితే, అంటే ఏ సంఖ్యకు ఈ లాగ్ వస్తుందో చూస్తే, 0.861, అంటే 13.9 శాతం నష్టం. సగటు కావాలంటే మైనస్ 0.1498ని రెండుతో భాగించి అప్పుడు వెనక్కి తిప్పాలి. ఏడాదికి మైనస్ 7.2 శాతం వస్తుంది. ఏజెంటు కాగితం మీద ప్లస్ 14.3, నిజం మైనస్ 7.2.

మార్చే పద్ధతి రెండే లైన్లు. ఎక్సెల్ షీట్‌లో మామూలు రిటర్న్ A2లో, లాగ్ రిటర్న్ B2లో ఉన్నాయనుకోండి:

```
=LN(1+A2)
=EXP(B2)-1
```

పోయేటప్పుడు 1 కలపాలి, వచ్చేటప్పుడు 1 తీసేయాలి. పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది ఈ 1 దగ్గరే. లాగ్ తీయాల్సింది శాతానికి కాదు, గుణకానికి. నష్టం వచ్చిన ఏడాది మైనస్ 0.524కి నేరుగా లాగ్ తీయబోతే షీట్ ఎర్రర్ ఇస్తుంది కాబట్టి తప్పు వెంటనే దొరుకుతుంది. లాభం వచ్చిన ఏడాది 0.81కి లాగ్ తీస్తే మాత్రం మైనస్ 0.21 అని ఏదో అంకె వస్తుంది, ఎర్రర్ రాదు. లాభానికి మైనస్ లాగ్ కనబడితే 1 మర్చిపోయారని అర్థం.

ఇంకో తప్పు LN బదులు LOG రాయడం. ఎక్సెల్‌లో ఊరికే LOG అంటే పది ఆధారం. పది ఆధారమైనా కూడిక సరిగానే వస్తుంది, ఆ గుణం అన్ని ఆధారాలకూ ఉంది. కానీ వెనక్కి వచ్చేటప్పుడు EXP వాడితే చెడిపోతుంది. బాపు లెక్కనే అలా చేస్తే మొత్తం మైనస్ 0.065 వస్తుంది, దానికి EXP తీస్తే నష్టం 6.3 శాతమే అని చూపిస్తుంది. అంకె నమ్మేలా ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. అందుకే పరీక్ష ఒకటి పెట్టుకోండి: లాగ్‌లన్నీ కూడిన మొత్తం, చివరి విలువను మొదటి విలువతో భాగించి తీసిన LN, రెండూ ఒకటే కావాలి. మధ్యలో ఎన్ని ఏళ్లున్నా, ఎన్ని రోజులున్నా సరే.

లాగ్‌లో నాకు బాగా నచ్చేది నష్టానికీ లాభానికీ ఒకే కొలత ఉండడం. 52.4 శాతం పోయిన డబ్బు మళ్ళీ మొదటికి రావాలంటే 52.4 శాతం పెరిగితే చాలదు, 110 శాతం పెరగాలి. శాతాల్లో చూస్తే ఈ రెండూ ఒకదానికొకటి విరుగుడు అని ఎవరికీ తట్టదు. లాగ్‌లో అయితే పడింది 0.7433, లేవాల్సిందీ 0.7433. 2009లో 0.5935 లేచింది, ఇంకా 0.1498 బాకీ. 2010లో సెన్సెక్స్ 20,509.09 దగ్గర ముగిసింది, ఆ ఏడాది లాగ్ 0.1607. బాకీ తీరి 0.0109 మిగిలింది. మూడేళ్లకు బాపుకు వచ్చింది ఒక శాతం చిల్లర, రెండు వేల రూపాయలు. అదే మూడేళ్ల శాతాలు కూడి చూడండి, 46 వస్తుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది మా దిక్కు అందరికీ తగిలేదే. ఇక్కడ అప్పులు నూటికి రెండు రూపాయల వడ్డీ అని మాట్లాడుకుంటారు, నెలకు. అడిగితే "ఏడాదికి ఇరవై నాలుగే కదా" అంటారు. బారువడ్డీ అయితే సరే. నెలనెలా కట్టలేక వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాస్తే అది చక్రవడ్డీ. 1.02కి లాగ్ 0.0198, పన్నెండు నెలలకు 0.2376, వెనక్కి తిప్పితే 26.8 శాతం. పత్తి డబ్బులు చేతికి రాక మూడేళ్లు నోటు తిరగరాసిన రైతుకు లక్ష రూపాయల అప్పు రెండు లక్షలు దాటుతుంది. ఆయన మనసులో మాత్రం డెబ్బై రెండు వేల వడ్డీయే ఉంటుంది. బడి పుస్తకంలో ఈ లెక్క ఉండి కూడా ఊళ్ళో నోటు రాసేటప్పుడు ఎవరూ వేయకపోవడం నాకు నిజంగా బాధ. మేము పిల్లలకు లాగ్ పట్టికను మార్కుల కోసమే చూపిస్తున్నాం, తప్పు మాలోనూ ఉంది.

ఇంత చెప్పాక, లాగ్ ఎక్కడ వాడకూడదో కూడా చెప్పాలి. చాలామంది లాగ్ నేర్చుకోగానే అన్నిచోట్లా కూడడం మొదలుపెడతారు. కాలం వెంబడి మాత్రమే అది కూడుకుంటుంది. ఒకే ఏడాదిలో రెండు వేర్వేరు పెట్టుబడులను కలపాలంటే మామూలు రిటర్నే కావాలి. లక్ష ఒకచోట 50 శాతం పెరిగింది, ఇంకో లక్ష వేరేచోట 20 శాతం తగ్గింది అనుకోండి. మొత్తం లక్షన్నర, ఎనభై వేలు కలిపి రెండు లక్షల ముప్పై వేలు, అంటే 15 శాతం లాభం. ఇక్కడ సగం సగం శాతాలు కూడితే సరిగ్గా వస్తుంది. లాగ్‌ల సగటు తీసి వెనక్కి తిప్పితే 9.5 శాతమే వస్తుంది, అది తప్పు. ఎందుకంటే ఈ రెండు లక్షలూ పక్కపక్కన ఉన్నాయి, ఒకటి ఇంకోదాని మీద పెరగలేదు. ముందు ఏడాదికి ఏడాది అన్ని పెట్టుబడులనూ శాతాల్లో కలపండి, వచ్చిన మొత్తం శాతాన్ని లాగ్‌గా మార్చి తర్వాత ఏళ్ల వెంబడి కూడండి. ఈ వరుస తిరగబడితే లెక్క పోతుంది.

రోజువారీ రిటర్న్‌ల దగ్గర తేడా చాలా చిన్నది. ఒక శాతం లాభానికి లాగ్ 0.00995, కాబట్టి రెండూ ఒకటే అనిపిస్తాయి. 10 శాతానికి 0.0953, 50 శాతానికి 0.4055. అంకె పెరిగేకొద్దీ దూరం పెరుగుతుంది. అందుకే లాగ్ రిటర్న్ 0.4055ని 40.55 శాతం లాభం అని ఎవరికీ చెప్పకండి, EXP వేసి 50 అని చెప్పండి. డబ్బు మొత్తం పోయిన పెట్టుబడికి లాగ్ అసలు ఉండదు, సున్నాకి లాగ్ లేదు కాబట్టి.

బాపు ఒక్కసారే డబ్బు పెట్టి కదపలేదు, అందుకే ఇదంతా ఇంత తేలికగా సరిపోయింది. మీరు నెలనెలా సిప్ కడుతుంటే ప్రతి వాయిదా వేరే రోజున మొదలవుతుంది. ఫండ్ ఎలా నడిచిందో లాగ్‌ల మొత్తం చెప్తుంది గాని మీ చేతికి ఎంత శాతం వచ్చిందో చెప్పదు. దానికి ఎక్సెల్‌లో తేదీలూ వాయిదాలూ రాసి, వాటిని బట్టి ఏడాది రిటర్న్ తీసే XIRR ఫార్ములా వేయాలి.