నెల మధ్యలో ఒకవైపు నొప్పి, గోధుమరంగు మరక.. సిస్టు వల్లేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 27. పెళ్లయి ఏడాది దాటింది. నాలుగు నెలలుగా పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. పీరియడ్స్ మే 3, జూన్ 3, జూలై 3, ఆగస్టు 2న వచ్చాయి. మధ్యలో మే 20న, జూన్ 18న పొత్తికడుపులో కుడివైపు, జూలై 19న ఎడమవైపు పొడిచినట్టు నొప్పి వచ్చి సగం పూటలో తగ్గిపోయింది. చివరి రెండుసార్లూ మర్నాడు లోదుస్తుల మీద గోధుమరంగు మరక కనిపించింది. జూన్ 18నే స్కాన్ తీయిస్తే కుడి అండాశయంలో 22 మి.మీ. సింపుల్ సిస్టు, కొద్దిగా నీరు ఉన్నాయని రాశారు. గర్భం నిలవకుండా పోతోందేమోనని మా అత్తయ్య అంటున్నారు. ఆపరేషన్ చేయించుకోవాలా? నొప్పికి మెడికల్ షాపులో మెఫెనమిక్ యాసిడ్ మాత్ర తెచ్చి వేసుకుంటున్నాను. ఫర్వాలేదా?
– ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఆపరేషన్ ఊసు అక్కర్లేదు. మీరు రాసిన వివరాలను బట్టి ఇది అండం విడుదలయ్యే సమయంలో వచ్చే నొప్పి. మాత్ర విషయంలో మాత్రం ఒక చిన్న మార్పు చేసుకోవాలి, అది చివర్లో చెబుతాను.

మీరు తేదీలు రాసి పెట్టుకోవడం వల్ల పని సులువైంది. అండం విడుదలైన తర్వాత పీరియడ్ రావడానికి సుమారు రెండు వారాలు పడుతుంది. ఒక స్త్రీకీ మరో స్త్రీకీ, ఒక నెలకూ మరో నెలకూ తేడా ఎక్కువగా ఉండేది పీరియడ్‌కూ అండం విడుదలకూ మధ్య ఉన్న మొదటి భాగంలోనే. అందుకే 14వ రోజు అని ముందు నుంచి లెక్కపెట్టుకుంటే చాలామంది విషయంలో అది తప్పుతుంది. వచ్చిన పీరియడ్ తేదీ నుంచి వెనక్కి 14 రోజులు లెక్కపెట్టాలి. జూన్ 3 నుంచి వెనక్కి వెళితే మే 20, జూలై 3 నుంచి వెళితే జూన్ 19, ఆగస్టు 2 నుంచి వెళితే జూలై 19. మీకు నొప్పి వచ్చిన తేదీలు వీటి పక్కనే ఉన్నాయి. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా పట్టించుకోనక్కర్లేదు. అదే నొప్పి ఒక నెల 10వ రోజున, ఇంకో నెల 24వ రోజున వచ్చి ఉంటే నేను వేరే కారణం వెతికేదాన్ని.

ఇక ఆ సిస్టు సంగతి. ప్రతి నెలా అండాశయంలో కొన్ని చిన్న నీటి సంచులు పెరగడం మొదలవుతుంది. వాటిని ఫాలికిల్స్ అంటాం. వాటిలో సాధారణంగా ఒకటే ముందుకు పోయి, పగలబోయే సమయానికి ఇంచుమించు 18 నుంచి 25 మి.మీ. అవుతుంది, అంటే రేగుపండంత. లోపల అండం, దాని చుట్టూ ఒక టీస్పూను నీరు ఉంటాయి. జూన్ 18న మీ కుడి అండాశయంలో కనిపించిన 22 మి.మీ. ‘సిస్టు’ అదే అయి ఉంటుంది. నెలసరి వస్తున్న వయసులో 3 సెం.మీ. లోపు ఉండి, లోపల గడ్డలూ గోడలూ లేకుండా నీరు మాత్రమే ఉన్న సింపుల్ సిస్టును జబ్బుగా చూడం. స్కాన్ తీసినవాళ్లు సిస్టు అని రాయడం తప్పేమీ కాదు, తెరమీద కనిపించేది నీటి సంచే కదా. కాకపోతే రిపోర్టులో మీ పీరియడ్ ఎన్నో రోజో కూడా రాసి ఉంటే మీకు ఇంత టెన్షన్ ఉండేది కాదు.

నొప్పి రెండు రకాలుగా వస్తుంది. ఫాలికిల్ చివరి రోజుల్లో వేగంగా పెరిగినప్పుడు అండాశయం పైపొర సాగుతుంది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను ఒక్కసారిగా ఎక్కువగా వదులుతుంది. అది మొదలైన సుమారు 36 గంటలకు ఫాలికిల్ పగులుతుంది. ఈలోగా అక్కడ ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. పీరియడ్ నొప్పికీ కారణం ఇవే. ఇదంతా అండం బయటికి రాకముందు నొప్పి. ఫాలికిల్ పగిలాక అందులోని నీరు, దాంతో పాటు కాస్త రక్తం పొత్తికడుపు లోపలి పొరకు తగులుతాయి. ఆ పొర చాలా సున్నితం, కొంచెం రక్తం తగిలినా మండుతుంది. ఇది అండం వచ్చాక నొప్పి. గర్భసంచి వెనక చేరిన ఆ కాస్త నీటినే రిపోర్టుల్లో ‘మినిమల్ ఫ్రీ ఫ్లూయిడ్ ఇన్ పీఓడీ’ అని రాస్తారు. కొద్దిపాటి నీరు అక్కడ మామూలుగా కూడా ఉంటుంది. దాన్ని ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్స్ కోర్సులు వాడేసిన వాళ్లను చూస్తుంటాను.

అండం విడుదల అందరిలోనూ జరుగుతున్నా నొప్పి కొందరికే తెలియడానికి కారణం ఇందులోనే ఉంది. పగిలినప్పుడు వచ్చే రక్తం ఒకరికి రెండు చుక్కలే ఉంటుంది, ఇంకొకరికి ఎక్కువ ఉంటుంది. అది ఏ మేరకు పొరకు తగులుతుంది, ఆ మనిషికి అది ఎంత నొప్పిగా తెలుస్తుంది అన్నది కూడా మారుతుంది. ఒకే మనిషికి కూడా ఒక నెల తెలిసి, మరో నెల తెలియకపోవచ్చు. ఒకవైపే రావడానికి కారణం ఆ నెల అండం ఆ వైపు నుంచే రావడం. ఒక నెల కుడి, మరో నెల ఎడమ అని వంతులేమీ ఉండవు. మీకు వరుసగా రెండు నెలలు కుడివైపు వచ్చిందంటే ఎడమ అండాశయం పాడైందని అర్థం కాదు. జూలైలో అదే ఆ మాట చెప్పింది.

మరక విషయానికొస్తే, అది అండాశయంలోంచి కారిన రక్తం కాదు. ఫాలికిల్ పెరుగుతున్నన్ని రోజులూ ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పెరుగుతూ గర్భసంచి లోపలి పొరను మందంగా తయారుచేస్తుంది. అండం విడుదలయ్యే వేళ ఆ హార్మోన్ ఒక్కసారిగా తగ్గుతుంది. ఖాళీ అయిన ఫాలికిల్ ప్రొజెస్టరాన్‌ను తగినంత తయారుచేసి ఆ పొరను నిలబెట్టేందుకు కాస్త సమయం పడుతుంది. ఈ మధ్య వ్యవధిలో కొందరిలో పొర అంచున కొద్దిగా రాలి రక్తం వస్తుంది. అది మెల్లగా దిగుతుంది కాబట్టి బయటికి వచ్చేసరికి గోధుమరంగులోకి మారుతుంది. ఒక్కోసారి అదే సమయంలో వచ్చే తెల్లసొన లాంటి జిగటకు లేత గులాబీ చారలుగా అంటుకుని కనిపిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో ఆగిపోవాలి. ప్యాడ్ మార్చుకోవాల్సినంత వస్తే అది స్పాటింగ్ కాదు.

గర్భం నిలవక పోతోందన్న మీ అత్తయ్యగారి అనుమానానికి ఈ తేదీలే జవాబు. అండం విడుదలై, ఫలదీకరణం జరిగి, పిండం గర్భసంచి పొరకు అంటుకోవడానికి ఆరేడు రోజులైనా పడుతుంది. మీ మరకలు అండం విడుదల రోజుల్లోనే వచ్చాయి. అప్పటికి నిలవడానికైనా పోవడానికైనా గర్భమే లేదు.

పిల్లల కోసం చూస్తున్నారు కాబట్టి ఇంకో మాట. నొప్పి వచ్చిన రోజే అసలు రోజు అనుకుని అప్పటిదాకా ఆగొద్దు. అండం బయటికి వచ్చాక 12 నుంచి 24 గంటలే బతుకుతుంది, శుక్రకణాలు అయిదు రోజుల దాకా ఉండగలవు. కాబట్టి అండం విడుదలకు ముందు అయిదు రోజులు, ఆ రోజు కలిపి అవకాశం ఉన్న రోజులు. మీ 30–31 రోజుల లెక్కలో 11వ రోజు నుంచి 18వ రోజు వరకు రోజు విడిచి రోజు కలిస్తే చాలు. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు ఇప్పటి నుంచే వేసుకోండి.

మాత్ర మార్చుకోమన్నది ఇందుకే. మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి నొప్పికి బాగా పనిచేసేది ప్రోస్టాగ్లాండిన్లను అడ్డుకునే. ఫాలికిల్ పగలడానికి కూడా అవే కావాలి. ఈ రకం మాత్రలు అండం విడుదలకు ముందు రోజుల్లో వరుసగా వేసుకుంటే కొందరిలో ఫాలికిల్ పగలకుండా ఉండిపోవచ్చు, లేదా ఆలస్యం కావచ్చు. ఇప్పటిదాకా ఒకటి రెండు వేసుకున్నందుకు భయపడకండి. ఇకపై నెల మధ్యలో హాట్ వాటర్ బ్యాగ్ పెట్టుకోండి. తగ్గకపోతే పారాసెటమాల్ 500 మి.గ్రా. మాత్ర ఒకటి వేసుకోండి. సగం పూటలో పోయే నొప్పికి సాధారణంగా అది సరిపోతుంది. పిల్లలు వద్దనుకునే వాళ్లకైతే ఈ ఇబ్బంది లేదు, వాళ్లు ఆ మాత్రలే వాడుకోవచ్చు. నొప్పి ప్రతి నెలా సతాయిస్తే గర్భనిరోధక మాత్రలు అండం విడుదలనే ఆపుతాయి కాబట్టి ఈ నొప్పీ రాదు.

నిర్ధారణ కావాలనుకుంటే, వచ్చే పీరియడ్ మొదలైన 5 నుంచి 7 రోజుల మధ్య ఒక్కసారి స్కాన్ తీయించండి. ఫాలికిల్ అయితే ఆ 22 మి.మీ. సంచి కనిపించదు. ఉన్నచోటే ఉండి పెరుగుతున్నా, 5 సెం.మీ. దాటినా, లోపల గట్టి భాగాలున్నాయని రాసినా అప్పుడు గైనకాలజిస్టును కలిసి మాట్లాడాలి.

నొప్పి తీరు మారితే మాత్రం క్యాలెండర్ చూస్తూ కూర్చోవద్దు. అపెండిసైటిస్ నొప్పి తరచూ బొడ్డు చుట్టూ మొదలై కొన్ని గంటల్లో కుడివైపు కిందికి దిగుతుంది. ఆకలి చచ్చిపోతుంది, వాంతి, జ్వరం తోడవుతాయి, దగ్గినా అడుగు వేసినా ఎక్కువవుతుంది. అండాశయం మెలిపడితే నొప్పి ఒక్కసారిగా, నిలువలేనంతగా వచ్చి వాంతులవుతాయి. ఆ పరిస్థితిలో రాత్రయినా క్యాజువాలిటీకి వెళ్లాలి, ఎందుకంటే ఆలస్యమైతే అండాశయం పోతుంది. పీరియడ్ తప్పి, లేదా ఎప్పటికంటే తక్కువగా వచ్చి, ఒకవైపు నొప్పి, కళ్లు తిరగడం, భుజంలో నొప్పి ఉంటే ట్యూబులో గర్భం కావచ్చు. అది ప్రాణం మీదికి వచ్చే సంగతి. నెల మధ్యలో నొప్పితో మొదలై పీరియడ్స్ దాకా కొనసాగుతుంటే, నెల నెలా పెరుగుతుంటే, కలిసినప్పుడు లోపల నొప్పి ఉంటే ఎండోమెట్రియోసిస్ ఉందేమో చూడాలి. కలిసిన తర్వాత రక్తం కనిపిస్తే అది అండం విడుదలకు సంబంధించింది కాదు, గర్భసంచి ముఖద్వారాన్ని పరీక్షించుకోవాలి. ఎమర్జెన్సీ పిల్ వేసుకున్న నెలలోనూ, మామూలు గర్భనిరోధక మాత్ర ఒకటి రెండు మరిచిపోయినప్పుడూ మధ్యలో మరక రావచ్చు. మీరు వాడటం లేదు కాబట్టి ఆ చర్చ వద్దు.

మీ వయసుకు క్రమం తప్పకుండా ఏడాది ప్రయత్నించినా రాకపోతే ఇద్దరూ పరీక్షలు చేయించుకోవాలి. నాలుగు నెలలకే పరీక్షలకు తొందరపడక్కర్లేదు. ఎప్పుడైనా పీరియడ్ వారం దాటి ఆలస్యమైతే, నొప్పికి ఏ మాత్ర వేసుకునే ముందైనా మొదట ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోండి.