అక్కకు కంప్యూటర్ కొనే ముందు

చిరంజీవి శ్రీనుకు, మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మకు కొందామని నువ్వు పంపిన ఆల్-ఇన్-వన్ కంప్యూటర్ ఫొటో చూశాను. చూడ్డానికి ముచ్చటగా ఉంది, కాదనను. కానీ అక్కకు అది వద్దు. తెర, కెమెరా, స్పీకరు, కంప్యూటరు అన్నీ ఒకే పెట్టెలో ఉన్నప్పుడు తెర మీద ఒక గీత పడినా మొత్తం ఊడదీసి సర్వీసుకు ఇవ్వాలి. అమలాపురంలో ఇస్తే వాళ్లు కాకినాడో రాజమండ్రో పంపుతారు. అన్ని రోజులూ అక్కకు మనవరాలి మొహం కనపడదు, నాకు ఫోన్లు ఆగవు.

విడివిడిగా తీసుకుందాం. ఆఫీసుల నుంచి వచ్చే రీఫర్బిష్డ్ చిన్న పెట్టెలు ఉంటాయి, మన పంచాంగమంత. డెల్ ఆప్టిప్లెక్స్ 3060 మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ ఎం720క్యూ లాంటివి. ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంటే అక్క పనికి ఎక్కువే. ఆ తరానికి తగ్గకూడదు. దానికంటే పాతవాటిని విండోస్ 11 ఒప్పుకోదు, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు అయిపోయింది. "విండోస్ 10 ఉంది, చవగ్గా ఇస్తాం" అని చెప్పేవాళ్ల దగ్గర అందుకే కొనొద్దు. తెర మటుకు కొత్తది కొను, 24 అంగుళాలది.

ఇప్పుడు అసలు ప్రశ్న. అక్క నీతో ఎందులో మాట్లాడుతుంది? వాట్సాప్‌లోనే అంటావు. కంప్యూటర్లో కూడా వాట్సాప్ కాలే కావాలంటే విండోస్ పెట్టి, దాని యాప్ వేయడం తిన్నని దారి. కానీ విండోస్ అంటే అప్‌డేట్లు, మూలన వచ్చే రకరకాల ప్రకటనలు, యాంటీవైరస్ రెన్యువల్ బెదిరింపులు. పైగా ఫోన్ 14 రోజులు వాడకపోతే కంప్యూటర్లో వాట్సాప్ లాగౌట్ అవుతుంది. అక్క ఫోన్ ఛార్జింగ్ అయిపోయి అలమరలో పడుండడం నీకు తెలియని సంగతి కాదు.

అందుకని నేను విండోస్ బదులు క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ పెడతాను. గూగుల్ ఉచితంగా ఇస్తుంది. తెరిస్తే బ్రౌజరే, ఇంకేమీ ఉండదు. కొత్త అప్‌డేట్ వెనక ఎక్కుతుంది, మళ్లీ ఆన్ చేసినప్పుడు అమల్లోకి వస్తుంది. అక్క రాత్రి ఆపేసి పొద్దున వేస్తే చాలు. విండోస్ ప్రోగ్రాములు అందులో నడవవు కాబట్టి ఎవరో పంపిన ఫైల్ నొక్కినా వైరస్ ఎక్కే భయం చాలావరకు తగ్గుతుంది. ప్లే స్టోర్ కూడా లేదు, అది మనకు మంచిదే. కొనే ముందు గూగుల్ ఇచ్చే సర్టిఫైడ్ మోడళ్ల జాబితాలో ఆ పెట్టె పేరు ఉందో లేదో చూడు. ఏ సంవత్సరం దాకా సపోర్టో పక్కనే రాసి ఉంటుంది. పెట్టె వచ్చాక నేను వెంటనే ఇన్‌స్టాల్ చేయను. ముందు పెన్‌డ్రైవ్ మీంచే నడిపి కెమెరా, మైకు, స్పీకరు మూడూ పనిచేస్తున్నాయో చూస్తాను.

కాల్స్‌కు గూగుల్ మీట్. నువ్వు క్యాలెండర్లో ప్రతి ఆదివారానికి ఒకే మీటింగ్ పెట్టి, అక్క ఖాతాను అందులో చేర్చు. ఆ లింకు మారదు. దానికి షార్ట్‌కట్ చేసి కింది వరుసలో పిన్ చేస్తాను. అక్కడ అది, ఈనాడు, యూట్యూబ్, టీటీడీ సైటు, ఈ నాలుగే ఉంటాయి. ఒక్క నొక్కుతో నీ ముందుకొస్తుంది. ఇద్దరే ఉన్నంతసేపు టైము గొడవ లేదు. మూడో చోటి నుంచి ఎవరైనా కలిస్తే మాత్రం ఉచిత ఖాతాలో 60 నిమిషాలకు ఆగిపోతుంది. చెల్లి బెంగళూరు నుంచి చేరే రోజు ఇది గుర్తుంచుకో, లేకపోతే "ఫోన్ పెట్టేశారు" అని అక్క నొచ్చుకుంటుంది. ఊరికే గుర్తొచ్చినప్పుడు మాట్లాడడానికి వాట్సాప్ ఫోన్లో ఉండనే ఉంటుంది.

పాత పెట్టెల్లో ఒక చిక్కు ఉంది. మా మామగారికి ఒకప్పుడు పాత డెస్క్‌టాప్ పెట్టించాను. ఒకరోజు ఫోన్ చేసి "ఇంటర్నెట్ పోయింది, ఏ సైటూ రావడం లేదు" అన్నారు. కంపెనీవాడొచ్చి లైను బాగుందని చెప్పి వెళ్లిపోయాడు. నేను వెళ్లి చూస్తే ప్రతి సైటుకూ NET::ERR_CERT_DATE_INVALID అని వస్తోంది. మూలన తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోయి ఉంది. కరెంటు పోయినప్పుడు లోపలి గడియారాన్ని నడిపే బిళ్ల బ్యాటరీ అయిపోయిందన్నమాట. తేదీ తప్పయితే సైట్ల సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజర్ అనుకుంటుంది. వాచీల షాపులో దొరికే సీఆర్2032 వేస్తే అయిపోయింది. ఈసారి పెట్టె రాగానే ముందు ఆ బిళ్లే మారుస్తాను.

కరెంటు సంగతి కూడా బయాస్‌లో చూసుకోవాలి. కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యేలా ఒక సెట్టింగు ఉంటుంది. పెట్టెను తెర వెనక బిగించినా స్విచ్ కోసం అక్క వెతుక్కోనక్కర్లేదు. ఇన్వర్టర్ లైనుకు కంప్యూటర్ ఒక్కటే కాదు, వైఫై రూటర్ కూడా కలపాలి. ఈ ఆఫీసు పెట్టెల్లో చాలావాటికి వైఫై ఉండదు, ఎలాగూ రూటర్ ఆ గదిలోనే ఉంది కాబట్టి కేబుల్ లాగుతాను.

కెమెరా, స్పీకర్లు యూఎస్‌బీవి తీసుకో. "అమ్మకి నా గొంతు వినపడట్లేదు" అని నువ్వు గాబరాపడితే సగం సార్లు కారణం ఒకటే. సౌండు స్పీకర్లకు కాకుండా తెరకు వెళ్తుంటుంది, ఆ తెరకు స్పీకర్లే ఉండవు. సౌండు సెట్టింగుల్లో స్పీకరు ఎంచుకుంటే వస్తుంది. నీ గొంతు నీకే తిరిగి వినపడుతుంటే లోపం నీ వైపు లేదు, అక్క స్పీకరు మైకుకు మరీ దగ్గరగా ఉంది. స్పీకరు పక్కకు జరపమని చెప్పు, లేదా సౌండు కాస్త తగ్గించమను.

నోటిఫికేషన్లు అడిగే హక్కు ఏ సైటుకూ లేకుండా మొత్తం ఆపేస్తాను. "మీ కంప్యూటర్లో వైరస్ ఉంది" అనే బెదిరింపులు ఎక్కువగా ఆ దారినే వస్తాయి. నువ్వు దూరం నుంచి తెర చూడాలంటే అక్క remotedesktop.google.com/support తెరిచి, అక్కడ వచ్చే 12 అంకెలు నీకు ఫోన్లో చదవాలి. ప్రతిసారీ కొత్త అంకెలు వస్తాయి. నువ్వూ నేనూ తప్ప పోలీసు అన్నా, బ్యాంకు అన్నా, ఎవరడిగినా చదవకూడదని పెద్ద అక్షరాలతో రాసి తెర పక్కన అంటిస్తాను. దాని కిందే సైబర్ ఫిర్యాదుల నంబరు 1930.

ఒక పని నువ్వే చేయాలి. అక్క పేరుతో కొత్త గూగుల్ ఖాతా తెరువు. రికవరీకి నీ ఈమెయిల్, నా నంబరు ఇవ్వు. అక్క నంబరు ఒక్కటే ఇస్తే ఓటీపీ ఆ అలమరలోని ఫోన్‌కే వస్తుంది. పాస్‌వర్డు నాకు మెసేజ్ పెట్టకు, ఫోన్లో చెప్పు, డైరీలో రాసుకుంటాను. పెట్టె కాకినాడ అడ్రసుకే రానీ. ఇక్కడ అన్నీ సరిచూసి, వచ్చే గురువారం పొద్దున్న బస్సుకు పట్టుకెళ్తాను.

మీ మామయ్య