ఓపెన్‌లో పది రాయబోతున్న బిడ్డకు

సిరొంచ, జూన్

బిడ్డా,

ఎనిమిదితో బడి మానేసిన నువ్వు మూడేళ్ల తర్వాత పది రాస్తానన్నావని మీ అమ్మ చెప్పింది. తర్వాత పన్నెండు చేసి నర్సింగుకు వెళ్లాలని ఉందట కదా. అంకీస నుంచి వచ్చి నాతో కూర్చునేలోపు కొన్ని సంగతులు నీ చెవిన పడాలని రాస్తున్నాను. ఇరవై ఏళ్లు మరాఠీ బడిలో పాఠాలు చెప్పాను. రిటైరయ్యాక మన తాలూకా పిల్లలు చాలామందికి ఎన్‌ఐఓఎస్ ఫారాలు నింపించాను. ఇది ఢిల్లీ పక్కన నోయిడాలో ఉన్న జాతీయ ఓపెన్ స్కూలు. దీని పది సర్టిఫికెట్ మన మహారాష్ట్ర బోర్డు పది సర్టిఫికెట్‌కు సమానం.

బడికీ దీనికీ ఉన్న అసలు తేడా ముందు తెలుసుకో. బడిలో నీ ఫారం హెడ్‌మాస్టరు నింపించేవారు. పరీక్ష ఫీజు గుమాస్తా కట్టించుకునేవాడు. ఇంటర్నల్ మార్కులు మేమే వేసేవాళ్లం, హాల్ టికెట్ క్లాసులో నీ చేతికి ఇచ్చేవాళ్లం. ఓపెన్‌లో ఈ నాలుగు పనులూ నీవే. తేదీ దాటిపోతోందని పిలిచి చెప్పేవాళ్లు ఉండరు. నేను చూసినవాళ్లలో చదువు రాక పోయినవాళ్లు తక్కువ, ఈ పనుల్లో ఏదో ఒకటి జారవిడిచి పోయినవాళ్లే ఎక్కువ.

పదిలో చేరడానికి 14 ఏళ్లు నిండాలి. నీకు 17, ఆ చింత లేదు. ఎనిమిది పాసైన కాగితం ఉంటే పెట్టు. దొరకకపోతే పది చదవగలనని నువ్వే రాసిచ్చే స్వీయ ధ్రువీకరణ చాలు, టీసీ కోసం బడి చుట్టూ తిరగక్కర్లేదు. పుట్టిన తేదీకి రుజువు మాత్రం తప్పదు. నన్ను ఎక్కువగా భయపెట్టేది పేరు. మన దగ్గర మరాఠీ దాఖలాలో ఇంటిపేరు ముందు, తర్వాత నీ పేరు, ఆఖరున నాన్న పేరు రాస్తారు. ఆధార్‌లో ఒక్కోసారి నీ పేరు ముందుకు వస్తుంది, ఇంటిపేరులో ఒక అక్షరం మారుతుంది. ఫారంలో ఏది పెడితే అదే రేపు పది సర్టిఫికెట్ మీదికి ఎక్కుతుంది, నర్సింగు కాలేజీలో అదే చూస్తారు. రెండు కాగితాల్లో తేడా ఉంటే ముందు ఆధార్ సరిచేయించుకుని, ఆ తర్వాతే ఫారం నింపు.

ఫారం ఆన్‌లైన్‌లోనే, `sdmis.nios.ac.in` లో నింపాలి. అక్కడ మొబైల్ నంబరు, ఈమెయిల్ అడిగే చోట నీవే పెట్టు. మూడేళ్ల కింద బట్టలు కుట్టే ఒక అమ్మాయికి ఒక ఇంటర్నెట్ షాపువాళ్లు వాళ్ల నంబరు పెట్టి ఫారం నింపారు. ఓటీపీలు, ఫీజు కట్టమని వచ్చే మెసేజ్‌లు అన్నీ వాళ్ల ఫోనుకే పోయాయి. ఆ షాపు మూసేశారు. పిల్లకు తన లాగిన్ తనకే తెరుచుకోలేదు, ఆ ఏడాది పరీక్ష పోయింది. నేను పక్కనే ఉండి కూడా ఆ గడి చూడలేదు. ఇప్పటికీ తలుచుకుంటే బాధగా ఉంటుంది.

ఇక ఏ భాషలో చదవాలి? ఇది నువ్వు నన్ను అడగలేదు, కానీ దీన్ని గురించే ఎక్కువ ఆలోచించాలి. ఎన్‌ఐఓఎస్ పదిలో తెలుగు మాధ్యమం ఉంది, మరాఠీ మాధ్యమమూ ఉంది. ఇంట్లో తెలుగే కదా, తెలుగు పెట్టిద్దామని మీ నాన్న అంటాడు. కానీ నువ్వు తెలుగు మాట్లాడతావు, పాటలు పాడతావు, రాయలేవు. ఎనిమిదేళ్లు చేతితో రాసింది మరాఠీ. మాధ్యమంగా పెట్టిన భాషలోనే పుస్తకాలు వస్తాయి, పరీక్షలో సమాధానాలు అందులోనే రాయాలి. కిరణజన్య సంయోగక్రియ అన్న మాట నీకు కొత్త, మరాఠీలో దాన్నే అనే ప్రకాశ్ సంశ్లేషణ్ నువ్వు బడిలో విన్నదే. కాబట్టి మరాఠీ మాధ్యమమే పెట్టు. ఒడిశాలో రాయగడ, గుణుపురం వైపు మనవాళ్లకూ ఇదే చిక్కు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఏ భాషలో గబగబా ఒక పేజీ రాయగలవో దాన్నే ఎంచుకోవాలి. తెలుగు రాయడం నేను ఆదివారాలు నేర్పుతాను, దాన్ని మార్కులతో ముడిపెట్టొద్దు.

పాస్ కావాలంటే ఐదు సబ్జెక్టులు కావాలి. భాషలు ఒకటి తప్పనిసరి, రెండుకు మించకూడదు. నర్సింగు మనసులో ఉంది కాబట్టి మరాఠీ (204), ఇంగ్లీషు (202), గణితం (211), సైన్స్ (212), సాంఘికం (213) తీసుకో. సులువని చెప్పి గణితం, సైన్స్ బదులు వేరేవి పెట్టించేవాళ్లు ఉంటారు. పది పాసవుతావు, కానీ పదకొండులో సైన్స్ తీసుకునే దారి మూసుకుంటుంది.

ఇప్పుడు టీఎంఏ, అంటే ట్యూటర్ మార్క్‌డ్ అసైన్‌మెంట్ల సంగతి. బడిలో ఇంటర్నల్ మార్కుల లాంటివే ఇవి, కాకపోతే నువ్వు ఇంట్లో రాసి పంపాలి. ఒక్కో సబ్జెక్టుకు 20 మార్కులు, ఆరు ప్రశ్నలు. మొదటి మూడూ రెండేసి మార్కులవి, మూడు నాలుగు వాక్యాలు చాలు. తర్వాతి రెండూ నాలుగేసి మార్కులవి, అర పేజీ దాకా రాయాలి. ఆఖరిది ఆరు మార్కుల ప్రాజెక్టు. ప్రతి ప్రశ్నలోనూ రెండు ఇస్తారు, ఒకటి రాస్తే చాలు. ప్రశ్నపత్రం `nios.ac.in` లో దొరుకుతుంది. ఏ4 కాగితాల మీద నీ చేతిరాతతోనే రాసి, మొదటి పేజీలో పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు, సబ్జెక్టు పేరు, కోడు వేసి, స్కాన్ చేసి పీడీఎఫ్‌గా నీ లాగిన్‌లో ఎక్కించాలి. నీ స్టడీ సెంటర్ టీచరు దిద్ది మార్కులు వేస్తారు.

ఇందులో కనీస మార్కులు రావాలన్న నిబంధన లేదు. అందుకే చాలామంది వదిలేస్తారు. వదిలేస్తే ఏమవుతుందో సాంఘికంతో చెప్తాను. అందులో ప్రాక్టికల్ లేదు, రాత పరీక్షకు 80, టీఎంఏకు 20. పాస్ కావాలంటే రాతలో 33 శాతం, మొత్తం మీద కూడా 33 శాతం రావాలి. నీకు రాతలో 80కి 27 వచ్చాయనుకో. టీఎంఏలో 16 ఉంటే మొత్తం 43, పాస్. టీఎంఏ పంపకపోతే అదే 27 నూటికి 27గా నిలుస్తుంది, ఫెయిల్. పరీక్ష హాల్లో అదే రాత రాసినా ఫలితం తిరగబడుతుంది. ఇంకొక లాభమూ ఉంది. ఇప్పుడు పుస్తకంలోని పాఠాలను రెండు భాగాలు చేశారు. దాదాపు 40 శాతం టీఎంఏకే, మిగతావి పబ్లిక్ పరీక్షకు. ఏ పాఠం ఎందులో ఉందో సబ్జెక్టువారీగా వెబ్‌సైట్‌లోనే ఇచ్చారు. పుస్తకం రాగానే ఆ జాబితా చూసి పరీక్ష పాఠాలకు పెన్సిలుతో గుర్తు పెట్టుకో.

ఏప్రిల్-మే పరీక్ష రాసేవాళ్లకు టీఎంఏ గడువు మామూలుగా జనవరి నెలాఖరు, అక్టోబరు-నవంబరు వాళ్లకు జులై నెలాఖరు. సంక్రాంతికి ముందే నీవి ఎక్కించేయి. ఆఖరి రోజుల్లో సైటు కదలదు, మన దగ్గర నెట్‌వర్క్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎక్కించాక ఫైలు తెరిచి ప్రతి పేజీ నిటారుగా, చదవగలిగేలా ఉందో లేదో చూసుకో. ఒక కుర్రాడు ఇంగ్లీషు కాగితాలు సైన్స్ గడిలో ఎక్కించి, మార్కులు వచ్చాక గానీ గుర్తించలేదు.

మన పిల్లలు ఎక్కువగా పడిపోయేది పరీక్ష ఫీజు దగ్గర. అడ్మిషన్ ఫీజు కట్టేశాం కదా, పరీక్షకు వాళ్లే పిలుస్తారనుకుంటారు. పిలవరు. ప్రతిసారీ ఏ సబ్జెక్టులు రాస్తావో లాగిన్‌లో ఎంచుకుని, వాటికి విడిగా ఫీజు కట్టాలి. కట్టిన సబ్జెక్టులకే హాల్ టికెట్ వస్తుంది. ఏప్రిల్ పరీక్షకు ఈ పని సాధారణంగా డిసెంబరు, జనవరి నెలల్లో నడుస్తుంది. గడువు దాటాక ఆలస్య రుసుము పడుతుంది, అదీ దాటితే ఆరు నెలలు ఆగాలి.

అన్నీ ఒకేసారి రాయాలని లేదు. చేరిన నాటి నుంచి ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి. పాసైన సబ్జెక్టు మార్కులు అలాగే నిలిచి ఉంటాయి. ఈ జులైలోపు చేరితే నీ మొదటి పరీక్ష వచ్చే ఏప్రిల్-మేలో. అప్పుడు మరాఠీ, ఇంగ్లీషు, సాంఘికం రాయి. గణితం, సైన్స్ అక్టోబరుకు పెట్టుకో. నువ్వు మూడేళ్లుగా లెక్కలు ముట్టలేదు, ఆ ఆరు నెలలూ నీకు కావాలి. పైగా ఆ రెండింటికీ ప్రాక్టికల్స్ ఉన్నాయి. అవి రాత పరీక్షకు ముందే జరుగుతాయి, వాటిలో కూడా విడిగా 33 శాతం రావాలి. రాతలో మంచి మార్కులొచ్చినా ప్రాక్టికల్‌కు వెళ్లని ఒక పిల్లవాడు ఆ సబ్జెక్టు ఫెయిలయ్యాడు. స్టడీ సెంటర్‌లో పీసీపీ అని ముఖాముఖి క్లాసులు పెడతారు. బడిలో లాగా హాజరు చూడరు కానీ, సైన్స్ ప్రయోగాల రోజులకు మాత్రం ఎలాగైనా వెళ్లు. ఫారంలో స్టడీ సెంటర్ నువ్వే ఎంచుకుంటావు, బస్సు ఉన్న ఊరిదే పెట్టు.

పరీక్ష సెంటర్ మాత్రం ఎన్‌ఐఓఎస్ వాళ్లే వేస్తారు. స్టడీ సెంటర్‌లోనే పడుతుందని నమ్మకం లేదు. హాల్ టికెట్ వచ్చాకే తెలుస్తుంది, అది పరీక్షకు కొద్ది రోజుల ముందే వస్తుంది. గడ్చిరోలిలో పడితే మనకు దాదాపు 200 కిలోమీటర్లు. పైగా బడి పరీక్షల్లా పది పదిహేను రోజుల్లో అయిపోవు, నెలకు పైగా సాగుతాయి. ఒక పేపరుకూ ఇంకో పేపరుకూ మధ్య వారం కూడా ఉండొచ్చు. మూడే సబ్జెక్టులు పెట్టమనడానికి ఇదీ కారణమే. మూడు ప్రయాణాలకో, అక్కడ మీ మేనమామ ఇంట్లో దిగడానికో ఇప్పటి నుంచే మీ నాన్నతో మాట్లాడి ఉంచు.

పరీక్షకు వెళ్లకుండా పాస్ చేయిస్తామని ఎవరైనా ఇంటికొస్తే ఒక్క రూపాయి ఇవ్వొద్దు, నీ లాగిన్ చెప్పొద్దు.

బడికి వెళ్లకుండా ప్రైవేటుగా పది రాయడానికి మన బోర్డుకు పెట్టే 17 నంబర్ ఫారం గురించి మీ అన్న అడిగాడు. అదీ మంచి దారే, కానీ అందులో బడి పిల్లలు రాసే పేపర్లే, వాళ్లతో పాటే రాయాలి. రెండేళ్లు సమయం తీసుకుని, విడివిడిగా రాసుకునే వెసులుబాటు నీకు అవసరం, అందుకే ఎన్‌ఐఓఎస్ అన్నాను.

వచ్చే ఆదివారం పొద్దున్నే రా. ఆధార్, దాఖలా, ఫోటో, మీ నాన్న ఫోను కాకుండా నీ సొంత సిమ్ ఉన్న ఫోను తీసుకురా. రెండు కాగితాల్లో పేరు పక్కపక్కన పెట్టి చూసి, సరిగ్గా ఉంటే అప్పుడే ఫారం నింపుదాం.

నీ పెద్దమ్మ