నాన్న షాపుకి రావడం మానేస్తే ఫర్మ్ అప్పులకి ఆయన బాధ్యత పోయినట్టేనా?

పోదండి, పార్ట్‌నర్‌గా రిటైర్ అయినట్టు పబ్లిక్ నోటీసు ఇచ్చేదాకా ఫర్మ్ చేసే కొత్త అప్పులకి కూడా ఆయన జవాబుదారీనే.

ఎందుకంటే సరుకిచ్చేవాడు పెద్దాయన మొహం చూసే అప్పిస్తాడు, ఆయన తప్పుకున్న సంగతి వాడికి తెలీదు కదా, అందుకే 1932 పార్ట్‌నర్‌షిప్ చట్టం 32వ సెక్షన్ అలా పెట్టింది.

ఉదాహరణకి గుంటూరులో తండ్రీ ఇద్దరు కొడుకులూ పార్ట్‌నర్లుగా మిర్చి వ్యాపారం అనుకోండి, ఏప్రిల్‌లో తండ్రి తప్పుకున్నాడు, జూన్‌లో కొడుకులు పాత వ్యాపారి దగ్గర 40 లక్షల సరుకు అరువు తెచ్చి కట్టలేదు, నోటీసు లేకపోతే ఆ వ్యాపారి తండ్రి ఇంటి మీదకీ రావచ్చు.

చాలామంది స్టాంప్ పేపర్ మీద రిటైర్‌మెంట్ డీడ్ రాసుకుంటే చాలనుకుంటారు, కానీ అది వాళ్ల ముగ్గురి మధ్య ఒప్పందమే. రిజిస్టర్డ్ ఫర్మ్ అయితే రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కి తెలియజేయాలి, గెజిట్‌లోనూ ఆ జిల్లాలో వచ్చే ఒక తెలుగు పేపర్లోనూ ప్రకటన వేయాలి.

బ్యాంకు లోన్‌కి ఆయన ఇచ్చిన పర్సనల్ గ్యారెంటీ మాత్రం వేరే లెక్క, ఈ నోటీసుతో అది రద్దవదు, బ్యాంకు నుంచి రిలీజ్ లెటర్ విడిగా తీసుకోవాల్సిందే.