పికప్ వెనక కూలబడుతోంది: కమాన్ కట్టకి పట్టీ పెంచాలా?

ప్రశ్న: మాది ఆకివీడు. చెరువుల దగ్గర్నించి భీమవరానికి ఐసు వేసిన చేపలు పికప్‌లో తోలుతున్నాను. టన్ను చేపలకే వెనక కూలబడుతోంది. రెండు కమాన్ కట్టలకీ చెరో పట్టీ అదనంగా వేయిస్తే సరిపోతుందని మెకానిక్ అంటున్నాడు. వేయించమంటారా? అసలు కార్లకి కాయిల్ స్ప్రింగులు పెట్టి, బరువు బళ్లకి ఈ పట్టీలే ఎందుకు పెడతారు?

జవాబు: ఇప్పుడే వేయించకండి. ముందు లోడుతో బండిని కాటా వేయించండి. మీరు టన్ను అంటున్నది చేపల బరువే కానీ బండి మోసే బరువు కాదు.

ఉదాహరణకి ఆర్‌సీలో గ్రాస్ బరువు 2,950 కిలోలు, ఖాళీ బండి బరువు 1,650 కిలోలు అని ఉందనుకుందాం. తేడా 1,300. అందులో డ్రైవరు, ఇంకో మనిషి కలిపి 150 పోతే సరుక్కి మిగిలేది 1,150 కిలోలే. ఇప్పుడు 40 ట్రేలు, ట్రేకి 25 కిలోల చేప వేసుకుంటే టన్ను. చేపలో సగం బరువే ఐసు వేశారనుకున్నా మరో 500. ఎండాకాలం చేపకి సమానంగా ఐసు వేసే రోజులుంటాయి, అప్పుడది ఇంకో టన్ను. ఖాళీ ట్రేలు ఒక్కోటి రెండు కిలోల చొప్పున 80. తక్కువ ఐసుతోనే మొత్తం 1,580 అయింది, అంటే 430 కిలోలు ఎక్కువ. ఈ 1,650, 2,950 అంకెల చోట మీ ఆర్‌సీలోవి పెట్టి లెక్క చూసుకోండి. వేబ్రిడ్జి మీద బండి మొత్తాన్ని ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఎక్కించి ఇంకోసారి తూయిస్తే వెనక యాక్సిల్ మీద ఎంత పడుతోందో కూడా తెలుస్తుంది. లెక్క దాటితే సమస్య కమాన్లది కాదు. కట్ట ఎంత బలపరిచినా యాక్సిలు, టైర్లు, బ్రేకులు, ఛాసిస్ పాతవే కదా, వాటి హద్దు మారదు.

బరువు హద్దులోనే ఉండి కూడా కూలబడుతుంటే అప్పుడు కమాన్ కట్ట సంగతి చూడాలి. అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే మీ రెండో ప్రశ్నకీ జవాబు దొరుకుతుంది.

కావడి బద్దని గుర్తుచేసుకోండి. భుజం మీద ఆనే నడిమి భాగం లావుగా, కొసలు సన్నగా ఉంటాయి. వంపు ఒత్తిడి అంతా నడుమ మీదే పడుతుంది, కొసలకి వెళ్లేకొద్దీ తగ్గిపోతుంది. కమాన్ కట్టలో పట్టీలు ఒకదాని కింద ఒకటి పొట్టిగా పేర్చడం అందుకే. యాక్సిల్ ఆనే నడుమ అన్ని పట్టీలూ ఉంటాయి, రెండు చివర్లకి వచ్చేసరికి మెయిన్ పట్టీ ఒక్కటే మిగులుతుంది. ఉక్కు ఎక్కడ కావాలో అక్కడే ఉంటుంది.

బరువు బళ్లకి ఇది నప్పడానికి పెద్ద కారణం ఇంకొకటుంది. కాయిల్ స్ప్రింగు బరువుని పైకీ కిందకీ మోయగలదు, అంతే. యాక్సిల్‌ని ముందుకి వెనక్కి జరక్కుండా, పక్కకి పోకుండా, బ్రేకు కొట్టినప్పుడు మెలితిరగకుండా పట్టి ఉంచడానికి దానికి వేరే రాడ్లు, ఆర్ములు కావాలి. కమాన్ కట్ట ఈ పనులన్నీ తనే చేస్తుంది. పైగా కాయిల్ స్ప్రింగు తన బరువంతా ఛాసిస్ మీద ఒక్క చోటే గుచ్చినట్టు పెడుతుంది. కమాన్ కట్ట అదే బరువుని మీటరు పైచిలుకు దూరంలో ఉన్న రెండు చోట్లకి పంచుతుంది. కింద ఒక పట్టీ విరిగినా మిగిలినవి బండిని మెకానిక్ దాకా తీసుకెళ్తాయి. కాయిల్ విరిగితే ఆ వెసులుబాటు తక్కువ.

ఇక హెల్పర్. చాలా పికప్‌లలో కట్ట అడుగున ఉండే మందమైన, దాదాపు తిన్నని పట్టీ అదే. లారీల్లో మెయిన్ కట్ట పైన విడిగా ఇంకో చిన్న కట్ట ఉంటుంది. ఖాళీ బండిలో హెల్పర్ పని చెయ్యదు. లోడు పడి మెయిన్ పట్టీలు చదునయ్యాకే అది ఆనుకుని బరువు అందుకుంటుంది.

అంకెల్లో చూద్దాం. ఇవి లెక్క అర్థమవడానికి వేసుకున్న గుండ్రటి అంకెలు. ఒక్కో వైపు మెయిన్ కట్ట నాలుగు పట్టీలది, 60 కిలోలకి ఒక సెంటీమీటరు దిగుతుంది. 5 సెంటీమీటర్లు దిగాక హెల్పర్ తగులుతుంది, అక్కణ్ణించి 120 కిలోలకి ఒక సెంటీమీటరు. వెనక యాక్సిల్ మీద 1,200 కిలోలు పడితే వైపుకి 600. మొదటి 300కి 5 సెంటీమీటర్లు, తర్వాతి 300కి 2.5, మొత్తం 7.5 దిగుతుంది.

ఇప్పుడు మీ మెకానిక్ చెప్పినట్టు అదే మందం పట్టీ ఇంకొకటి వేశామనుకోండి. నాలుగు ఐదయ్యాయి కాబట్టి గట్టిదనం పావు వంతు పెరిగి 75 అయింది. హెల్పర్ తగిలే 5 సెంటీమీటర్లకి 375 కిలోలు పట్టాయి. మిగిలిన 225 కిలోలకి, సెంటీమీటరుకి 135 చొప్పున, 1.7 సెంటీమీటర్లు. మొత్తం 6.7. అంటే లోడు మీద మీకు కలిసొచ్చింది ఒక్క సెంటీమీటరు కూడా లేదు. వంపు ఎక్కువున్న పట్టీ వేస్తే బండి ఇంకాస్త లేచి కనబడుతుంది, కానీ ఖాళీగా తిరిగొచ్చే ప్రతి ట్రిప్పులోనూ వెనక భాగం ఎగురుతుంది. గతుకుల గట్టు రోడ్డు మీద ఎగిరే చక్రానికి పట్టు ఉండదు, తడి రోడ్డు మీద బ్రేకు కొడితే వెనక జారుతుంది.

మందం పట్టీ వేస్తామంటే అసలే ఒప్పుకోవద్దు. గట్టిదనం మందానికి ఘనంలో పెరుగుతుంది. మందం 20 శాతం పెరిగితే ఆ పట్టీ గట్టిదనం 1.7 రెట్లు దాటుతుంది. పక్కవాటితో సమానంగా వంగాల్సి వచ్చినప్పుడు ఒత్తిడి ఎక్కువ పడేదీ దాని మీదే, ముందు విరిగేదీ అదే.

చాలామంది మెకానిక్‌లు పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. చాలా పికప్‌లలో వెనక బ్రేకు పైపు దారిలో లోడుని బట్టి పనిచేసే వాల్వు ఒకటి ఉంటుంది. దాన్నుంచి ఒక రాడ్డు యాక్సిల్‌కి కలిపి ఉంటుంది. ఛాసిస్ కిందకి దిగితే బండిలో బరువుందని తెలుసుకుని అది వెనక బ్రేకులకి ఒత్తిడి పెంచుతుంది. పట్టీలు పెంచి వెనక భాగాన్ని లేపేస్తే, నిండు లోడు మీద కూడా అది ఖాళీ బండే అనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది. కమాన్ పని ఏది చేయించినా ఆ రాడ్డుని కంపెనీ మాన్యువల్ కొలత ప్రకారం మళ్లీ సెట్ చేయించాలి.

ఇక ఉన్న కట్టని పరీక్షించే పద్ధతి. బండి ఖాళీ చేసి, పెట్రోలు బంకు లాంటి చదునైన కాంక్రీటు మీద ఆపండి. రోడ్డు వారన వాలు ఉంటుంది, కొలత తప్పొస్తుంది. యాక్సిల్ హౌసింగ్ పైనుంచి ఛాసిస్ అడుగు దాకా రెండు వైపులా టేపుతో కొలవండి. ఒక వైపు సెంటీమీటరుకి మించి తక్కువుంటే ఆ వైపు పట్టీ విరిగి ఉండొచ్చు. రెండు వైపులా సమానంగా తగ్గి ఉంటే, మీ మోడల్ కొత్త బండి కొలతతో పోల్చి చూడండి. ఎప్పుడూ ఎక్కువ లోడు మోసిన పట్టీలు వంపు పోగొట్టుకుని అలాగే ఉండిపోతాయి. విరిగిన పట్టీని గుర్తుపట్టడం కష్టం కాదు. మట్టి కడిగి చూస్తే అడ్డంగా ఎర్రటి తుప్పు గీత కనిపిస్తుంది, లేదా ఒక కొస పక్కకి జరిగి ఉంటుంది.

ఎక్కడ విరిగిందన్నది కారణం చెబుతుంది. నడుమ, సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర విరిగితే, కట్టని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు వదులయ్యాయని అర్థం. అవి బిగువుగా ఉన్నంత కాలం కట్ట నడిమి భాగం వంగదు. వదులైతే వంపు సరిగ్గా రంధ్రం మీదకి వస్తుంది, ఉక్కు తక్కువున్న చోటు అదే. సెంటర్ బోల్టు యాక్సిల్‌ని చోటులో కూర్చోబెట్టడానికే కానీ లాగుడు మోయడానికి కాదు. యూ బోల్టులు వదులైతే ఆ లాగుడంతా దాని మీద పడి తెగుతుంది, యాక్సిల్ ఒక వైపు వెనక్కి జరుగుతుంది. స్టీరింగ్ తిన్నగా పట్టుకున్నా బండి వాలుగా నడుస్తుంటే, మెయిన్ పట్టీ ముందు కొసన గుండ్రంగా చుట్టిన కంటి బోల్టు నుంచి యాక్సిల్ నడుమ దాకా రెండు వైపులా కొలవండి. కొలతలు కలవకపోతే ఆ బండిని ఇక తోలకండి.

విరిగింది కంటి దగ్గరైతే షాకిల్ చూడండి. లోడు పడి చదునయ్యేకొద్దీ కట్ట పొడవు పెరుగుతుంది, ఆ పెరుగుదలకి చోటివ్వడానికే వెనక చివర ఊగే షాకిల్ పెడతారు. అది తుప్పు పట్టి బిగుసుకుంటే మెయిన్ పట్టీ కంటి దగ్గర నలుగుతుంది. మీ పనిలో ఇది ఎక్కువ జరుగుతుంది, ఎందుకంటే ట్రేల్లోంచి కారే నీళ్లు సరిగ్గా అక్కడే పడతాయి. రొయ్యల చెరువు ఉప్పునీళ్లయితే మరీ ప్రమాదం. తుప్పు తిన్న ప్రతి గుంటా ఒక పగులుకి మొదలు. సరుకు దించాక రోజూ మంచినీళ్లతో కట్టలు, షాకిళ్లు కడగండి. కారే నీళ్లు కమాన్ల వెనక పడేలా పెట్టె అడుగున ఒక గొట్టం పెట్టించండి. పాడైన ఇంజిన్ ఆయిలు పూసే అలవాటుంటే మానండి, రబ్బరు బుష్‌లు ఉబ్బి పాడవుతాయి.

పట్టీ విరిగితే వెల్డింగ్ వద్దు. గట్టిపరిచి, మళ్లీ వేడిచేసి సాగుడుతనం తెప్పించిన ఉక్కు అది. వెల్డింగ్ వేడికి ఆ పాకం చెడి అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. కొలిమిలో కాల్చి వంపు తిప్పించినా అంతే, పాకం తిరిగి సరిగ్గా పట్టకపోతే కొన్నాళ్లకే చదునవుతుంది. వంపు పోయిన కట్ట అయితే రెండు వైపులా ఒకేసారి, మీ మోడల్‌కి కంపెనీ చెప్పిన కట్టే వేయించండి. యూ బోల్టులు, నట్లు, సెంటర్ బోల్టు కొత్తవి వేయాలి. బండి చక్రాల మీద నిలబడి ఉండగా, ఎదురుబొదురు మూలల క్రమంలో, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌తో బిగించాలి. పట్టీల మధ్య రంగూ తుప్పూ అణిగి బిగువు తగ్గుతుంది కాబట్టి మొదటి 500 కిలోమీటర్లు తిరిగాక అదే టార్క్‌కి మళ్లీ బిగించమనండి.